బాబాయికి ఫైన్ వేశాం, అయినా అల్లూరు లారీ లేటే

ప్రశ్న:

అక్కా, నాది నెల్లూరు. రొయ్యల మేత సప్లై చేసే ట్రాన్స్‌పోర్ట్‌లో డిస్పాచ్ చూస్తా. రోజూ నాలుగు లైన్లకి నాలుగు లారీలు పొద్దున ఆరుకి గేట్ దాటాలి. పోయిన నెల 26 రోజుల్లో 11 సార్లు ఏదో ఒక లారీ లేటయింది, డీలర్లు తిట్టని రోజు లేదు. మా ఓనర్ గారు ఎక్కడో ట్రైనింగ్‌కి పోయొచ్చి 'ఐదు సార్లు ఎందుకు అని అడిగితే అసలు కారణం దొరుకుద్ది' అని మీటింగ్ పెట్టారు. లారీ ఎందుకు లేటు, డ్రైవర్ లేటుగా తీశాడు. ఎందుకు, శ్రద్ధ లేదు. ఎందుకు, భయం లేదు. ఎందుకు, ఫైన్ లేదు. అంతే, లేటయితే 500 కట్ అని తేల్చారు. బోర్డు మీద అది రాసింది నేనే. ఎక్కువగా కట్ అయింది అల్లూరు లైన్ తోలే మా బాబాయికి, నన్ను ఈ పనిలో పెట్టించిందే ఆయన. ఇప్పుడు నాతో మాట్లాట్టంలేదు, ఇంట్లో పిన్ని కూడా మొహం తిప్పుకుంటా ఉంది. లేట్లు మాత్రం తగ్గలా. వచ్చే సోమవారం మళ్లీ మీటింగ్, రిపోర్ట్ నన్నే రాయమన్నారు. ఈ పద్ధతే పనికిరానిదా, మేం తప్పు చేశామా? ఓనర్ గారికి కావాల్సింది రాసి ఊరుకోనా? గేట్ రిజిస్టర్ ఫోటోలు పంపిస్తన్నా.

సమాధానం:

తమ్ముడూ, ఫోటోలు పంపి మంచిపని చేశావ్. నిన్న రాత్రి కూచుని 26 రోజులదీ ఒక కాయితం మీద వేసుకున్నా, మధ్యలో నీకు రెండుసార్లు ఫోన్ చేసి విసిగించా కూడా. దాంట్లో తేలింది చెప్తా, నిదానంగా చదువు, ఎందుకంటే దీంట్లో కొంత రిజిస్టర్ చెప్పింది, కొంత నువ్వు ఫోన్లో చెప్పింది, కొంత నా ఊహ, ఈ మూడూ కలిపేసుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

ముందు పద్ధతి సంగతి. ఇది టొయోటా వాళ్లది. తైచి ఓనో అని అక్కడి ప్రొడక్షన్ పద్ధతులు తీర్చిదిద్దినాయన 1978లో పుస్తకం రాశాడు, దాంట్లో ఆయన చెప్పే ఉదాహరణ ఒక మెషిన్ ఆగిపోవడం. ఎందుకు ఆగింది, లోడ్ ఎక్కువై ఫ్యూజ్ పోయింది. లోడ్ ఎందుకు ఎక్కువైంది, బేరింగ్‌కి ఆయిల్ సరిగ్గా అందలా. ఎందుకు అందలా, పంపు సరిగ్గా తోడటంలేదు. ఎందుకు తోడటంలేదు, పంపు షాఫ్ట్ అరిగిపోయింది. ఎందుకు అరిగింది, జల్లెడ లేక ఇనప రజను లోపలికి పోయింది. ఫ్యూజ్ దగ్గరే ఆగినోడు ఫ్యూజ్ మారుస్తాడు, కొన్నాళ్లకి మళ్లీ పోతుంది. ఇప్పుడు మీ మీటింగ్ పక్కన పెట్టి చూడు. ఓనో జవాబుల్లో ప్రతిదీ పోయి చేత్తో ముట్టుకుని చూడగలిగింది, కాలిన ఫ్యూజ్, ఎండిన బేరింగ్, అరిగిన షాఫ్ట్. మీ జవాబుల్లో మొదటిదొక్కటే చూడగలిగింది, అది కూడా ఎవరూ చూడలా. శ్రద్ధ లేదు, భయం లేదు అనేవి మనిషి మీద మన అభిప్రాయాలు, వాటికింద ఇంకెన్ని ఎందుకులు వేసినా అభిప్రాయాలే వస్తాయి, ఆఖరికి ఫైన్ దగ్గర తేలతాయి. కాబట్టి పద్ధతి పనికిరాదని అనను, మీరు రెండో మెట్టు దగ్గరే గోడౌన్ వదిలి డ్రైవర్ మనసులోకి పోయారు, అదీ జరిగింది.

సరిగ్గా ఐదుసార్లే అడగాలని కూడా ఏం లేదు. మూడింటికే మనం మార్చగలిగింది దొరికితే అక్కడ ఆగొచ్చు, ఏడు కావాల్సివస్తే ఏడు.

ఇప్పుడు నీ రిజిస్టర్. 11 లేట్లలో 9 అల్లూరు లైన్‌వే, ముత్తుకూరు లైన్‌ది ఒకటి, ఇందుకూరుపేట లైన్‌ది ఒకటి. 'లారీలు ఎందుకు లేటవుతున్నాయి' అని మీరు మీటింగ్‌లో అడిగిన ప్రశ్నే వదులుగా ఉంది, అడగాల్సింది 'అల్లూరు లారీ ఎందుకు లేటవుతుంది, మిగతా మూడూ ఎందుకు కావు' అని. ప్రశ్న ఇట్టా బిగిస్తే సగం జవాబులు వాటంతటవే రాలిపోతాయి. హైవే ట్రాఫిక్ అంటే, అన్ని లారీలూ హైవే ఎక్కేవే. హమాలీలు తక్కువంటే, నాలుగు లారీలకీ అదే జట్టు.

మీ ఓనర్ గారు వెంటనే అనేమాట నాకు తెలుసు, అల్లూరు లైన్ డ్రైవర్ మీ బాబాయి కాబట్టే అక్కడ లేటు అంటారు. అందుకే అది విడిగా లెక్కేశా. 26 రోజుల్లో మీ బాబాయి తోలింది 20 రోజులు, దాంట్లో లేటు 6. ఆయన సెలవు పెట్టినప్పుడు ఇంకో డ్రైవర్ 6 రోజులు తోలాడు, దాంట్లో లేటు 3. మనిషి మారినా లేటు అక్కడే ఉంది, పైగా రెండో ఆయన కాడ రోజు మార్చి రోజు లేటు. ఆరు రోజులు చిన్న లెక్కే, రెండో డ్రైవర్ ఇంకా అధ్వాన్నం అని దాన్నిబట్టి అనకూడదు, కానీ ఇది బాబాయి బద్ధకం కాదు అని చెప్పడానికి చాలు.

తర్వాత గేట్ ఇన్ టైములు చూశా. మీ వాచ్‌మన్ ఎవరోగానీ ఆయనకి దండం పెట్టాలి, డ్రైవర్ లోపలికొచ్చిన టైము ఒక్కరోజు కూడా వదల్లా. లేటయిన ఆ 9 రోజుల్లో డ్రైవర్ ఐదున్నర లోపల వచ్చింది 8 సార్లు. ఒక్కరోజు మాత్రం బాబాయి 6:10కి వచ్చాడు, అది నిజంగా ఆయన లేటే, దాన్ని దాచొద్దు. ఇంకోరోజు ఆరుకే బయల్దేరాడు, కోవూరు దాటినాక పంచర్ అని నువ్వే పక్కన రాశావ్. ఈ రెండూ తీసేస్తే మిగిలింది 7 రోజులు, ఆ ఏడు రోజులూ డ్రైవర్ గేట్ లోపలే ఉన్నాడు, బండి మాత్రం 8:40కీ తొమ్మిదికీ మధ్య బయటపడింది. మూడు గంటల పైన ఆ మనిషి ఆడ కూచుని ఏం చేశాడు? ఇది ఎవరైనా బాబాయిని అడిగారా? మీ మీటింగ్‌కి డ్రైవర్లని పిలవలేదని ఫోన్లో నువ్వే చెప్పావ్.

నేను అడిగింది గుర్తుందా, ఆ రోజుల్లో లోడింగ్ ఎన్నింటికి మొదలైందని. నీకు తెలియదన్నావ్, రిజిస్టర్‌లో ఆ గడి లేదన్నావ్. మేస్త్రిని అడిగొచ్చి చెప్పావ్, 'బిల్లు రాలేదు కదా సామీ, ఏం ఎక్కించేది' అన్నాడని. ఆ ఒక్క ముక్క మీ మీటింగ్ మొత్తం కంటే విలువైంది. తర్వాత నువ్వు బిల్లు కాపీలు తీసి చూస్తే ఆ 7 రోజులూ అల్లూరు డీలర్ బిల్లు మీద ప్రింట్ టైము పొద్దున ఏడు తర్వాతే. మిగతా డీలర్లవి ముందురోజు రాత్రి తొమ్మిది లోపలే ప్రింటై ఉన్నాయి. నాలుగొందల బస్తాలు ఎక్కించడానికి మీ జట్టుకి గంటన్నర పడుతుందన్నావ్, ఏడుంపావుకి మొదలుపెడితే 8:45. లెక్క సరిపోయింది.

ఇక్కడ నాకు ఒకటి నచ్చలా, నీక్కూడా తట్టాలి. అల్లూరు డీలర్ బిల్లు రాకపోతే ఆయన బస్తాలు ఆగాలి, అదే లారీలో పోయే కోవూరు, విడవలూరు బస్తాలు ఎందుకు ఆగాలి? ముందు అవి ఎక్కించుకోవచ్చు కదా? ఎక్కించలేరు, ఎందుకంటే మీవి కంటైనర్ బండ్లు, తలుపు వెనక ఒక్కటే. చివర దించే సరుకు క్యాబిన్ వైపు ముందు పేర్చాలి, మొదట దించేది తలుపు కాడ ఆఖర్న పేర్చాలి. లైన్‌లో చివర అల్లూరు కాబట్టి ఆయన 160 బస్తాలు ఎక్కితేగానీ ఇంకోరి బస్తా ఎక్కదు. అంటే చివరి ఊరి డీలర్ ఒక్కడి కాయితం మొత్తం బండిని కట్టేసింది. దీన్ని తిప్పి పరీక్ష చేద్దామనే నిన్ను రెండోసారి ఫోన్ చేసి అడిగా, కోవూరు డీలర్ బిల్లు ఎప్పుడైనా ఆలస్యమైందా అని. రెండు రోజులు అయిందన్నావ్, ఆ రెండు రోజులూ లారీ ఆరుకే పోయింది, కోవూరు పక్కనే కాబట్టి ఆయన సరుకు తర్వాత ట్రాలీ ఆటోలో పంపించారు. బిల్లు ఆలస్యం రెండుచోట్లా ఉంది, చివరి ఊరిదైతే బండి ఆగింది, మొదటి ఊరిదైతే ఆగలా. నువ్వు దొరికిందనుకున్న కారణం లేనిచోట లేటు లేదు, ఉన్నచోట లేటు ఉంది, ఇట్టా రెండువైపులా చూసుకుంటేనే ఒక మెట్టు గట్టిదని నమ్మాలి.

ఇక్కడిదాకా కాయితాలు చెప్పాయి. ఇక్కణ్ణుంచి సగం నా ఊహ, సోమవారం లోపల నువ్వు పోయి తేల్చుకోవాలి.

ఆ బిల్లు రాత్రి ఎందుకు ప్రింట్ కాలా? సిస్టంలో హోల్డ్ పడిందని బిల్లింగ్ కుర్రాడు అన్నాడన్నావ్. హోల్డ్ ఎందుకు, డీలర్ క్రెడిట్ లిమిట్ దాటాడు. కానీ ఆ డీలర్ సాయంత్రమే డబ్బు వేశానని గొడవపడతాడంట కదా, మరి వేసిన డబ్బు ఎందుకు కనపడలా? మీ అకౌంటెంట్ గారు బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రసీదులు ఎక్కించేది నాలుగింటికి ఒక్కసారే, తర్వాత వచ్చినవి మర్నాడు పొద్దున్నే. నువ్వు ఏడింటికి ఆయన ఇంటికి ఫోన్ చేస్తే ఆయన లాప్‌టాప్ తెరిచి హోల్డ్ తీస్తే అప్పుడు బిల్లు వస్తుంది. ఇండెంట్లు, అంటే డీలర్ల ఆర్డర్లు, మాత్రం రాత్రి ఎనిమిది దాకా తీసుకుంటారు, ఎందుకంటే రైతు సాయంత్రం చెరువులో దించిన చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసుకున్నాకే రేపటికి ఎన్ని బస్తాలో డీలర్‌కి చెప్తాడు. మీ ఆఫీసులో రెండు గడియారాలు నడుస్తున్నాయి తమ్ముడూ, సరుకు గడియారం ఎనిమిదికి ఆగుద్ది, డబ్బు గడియారం నాలుగుకే ఆగుద్ది, ఆ నాలుగు గంటల సందులో డబ్బు వేసినోడి లారీ మర్నాడు లేటు.

మరి నాలుగు అనేది ఎవరు పెట్టారు? దీనికి అకౌంటెంట్ గారినే అడగాలి, నా అనుమానం మాత్రం చెప్తా. ఒకప్పుడు పెద్ద మొత్తాలు బ్యాంకు పనివేళల్లోనే పోయేవి, సాయంత్రం తర్వాత వచ్చే డబ్బు పెద్దగా ఉండేది కాదు, కాబట్టి నాలుగుకి ఒకసారి చూస్తే ఆ రోజు లెక్క అయిపోయేది. 2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్, 2020 డిసెంబర్ నుంచి ఆర్‌టీజీఎస్ రోజుకి 24 గంటలూ నడుస్తున్నాయి. డీలర్ రాత్రి ఏడింటికి డబ్బు వేయడం ఇప్పుడు మామూలు సంగతి, మీ ఆఫీసు రూలు పాత బ్యాంకు టైము మీదే నిలబడిపోయింది. ఇదే నిజమైతే దీంట్లో అకౌంటెంట్ గారి తప్పు కూడా ఏం లేదు, ఆయన పెట్టిన రోజున ఆ రూలు సరైందే. ఈ మాట మీటింగ్‌లో నువ్వు ముందే అనాలి, లేకపోతే డ్రైవర్ మీదనుంచి తీసి అకౌంటెంట్ మీద వేస్తారు, వచ్చేనెల ఆయనకి ఫైన్.

ఇంకో కొమ్మ ఉంది. హోల్డ్ అల్లూరు డీలర్‌కే ఎందుకు పడుతుంది? ఆయన లిమిట్ రెండు లోడ్లకే సరిపోతుందన్నావ్, ఆ లిమిట్ పెట్టినప్పుడు ఆయన వారానికి రెండు లోడ్లే ఎత్తేవాడంట, ఇప్పుడు నాలుగు ఎత్తుతున్నాడు. అందుకే ప్రతి రెండో మూడో లోడ్‌కి అంచు తగులుతుంది. 'ఎందుకు' అని అడుగుతుంటే జవాబు ఒకటే రావాలని లేదు, ఇట్టా రెండు మూడు చీలుతాయి, మొదట దొరికిన దారినే పట్టుకుని కిందికి దిగిపోతే మిగతావి కనపడవు. ఈ పద్ధతిలో పెద్ద లోపం ఇదే, గదిలో కూచున్నోళ్లకి తెలిసిందే జవాబుగా వస్తుంది. మీ మొదటి మీటింగ్‌లో మేస్త్రి లేడు, బిల్లింగ్ కుర్రాడు లేడు, అందుకే బిల్లు అనే మాటే రాలా.

మూడో ప్రశ్న కూడా వేయాలి, చాలామంది మర్చిపోయేది. ఇది ఇన్నాళ్లు ఎవరికీ ఎందుకు కనపడలా? మీ రిజిస్టర్‌లో డ్రైవర్ వచ్చిన టైము, బండి పోయిన టైము ఉన్నాయి, మధ్యలో ఏం లేదు. ఆ మధ్య మూడు గంటలు ఖాళీ గడి, ఖాళీ గడిలో ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు, మీరు బాబాయి పేరు రాశారు.

ఇది నీకు నీతులు చెప్పడానికి అనటంలేదు. నేను ఒంగోల్లో ఒక పార్సిల్ ఆఫీసులో డిస్పాచ్ చూసేదాన్ని, కనిగిరి లైన్, మార్కాపురం లైన్ పెట్టెలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తిరిగి రావడం, మళ్లీ పంపడం, ప్రతి వారం ఇదే గోల. నేను కూడా ఎందుకు ఎందుకు అని అడిగి 'లోడింగ్ కుర్రాడు చూసుకోలా' దగ్గర ఆగిపోయా. ఆ పిల్లోడు వారానికల్లా పని మానేసి పోయాడు. కొత్త కుర్రాడు వచ్చినాక పదిరోజులకి సరిగ్గా అదే తప్పు చేశాడు. అప్పుడు పోయి గోడౌన్‌లో నిలబడితే తెలిసింది, రెండు లైన్ల స్టిక్కర్లూ ఒకే రంగు, తెల్లారుజామున ఆ గుడ్డిబల్బు వెలుతుర్లో నాకే ఊరిపేరు కనపడలా. స్టిక్కర్ రంగు మార్చాం, తప్పులు దాదాపు పోయాయి. ఆ పిల్లోడిని మాత్రం మళ్లీ పిలిపించలేకపోయా, వాళ్ల ఊరికి పోయాడన్నారు. నీ ఉత్తరం చదవగానే నాకు వాడే గుర్తొచ్చాడు. నీ విషయంలో మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

ఇప్పుడు సోమవారం ఏం చేయాలనేది. నువ్వు ఇట్టా చెయ్ అని ఒక్కటే చెప్పను, ఉద్యోగం నీది, రోజూ ఆ ఓనర్ గారి మొహం చూడాల్సింది నువ్వు.

ఓనర్ గారికి కావాల్సింది రాసి ఇచ్చెయ్యొచ్చు, ఫైన్ 500 చాలదు వెయ్యి చెయ్యాలి అని. ఆ రోజుకి గొడవ ఉండదు. కానీ బిల్లు ఆలస్యం అట్టానే ఉంటుంది కాబట్టి లేట్లు అన్నే ఉంటాయి, వచ్చేనెల మళ్లీ నిన్నే అడుగుతారు. దానికంటే నాకు భయమేందంటే ఫైన్ పెరిగేకొద్దీ డ్రైవర్ ఆ మూడు గంటలు రోడ్డు మీద సంపాదించుకోవాలని చూస్తాడు, పది టన్నుల బండితో హైవే మీద తొందరపడితే ఏమవుద్దో చెప్పక్కర్లా. ఇంకోటి, ఫైన్ ఉన్నచోట రిజిస్టర్ నిజం చెప్పడం మానేస్తుంది. ఇవాళ వాచ్‌మన్ రాసిన టైములు నమ్మి మనం ఇంత లెక్కేశాం, రేపు డ్రైవర్లు ఆయన్ని బతిమాలి టైము మార్పించుకోవడం మొదలైతే నీ చేతిలో ఏం మిగల్దు.

రెండోది, మీటింగ్‌లోనే అందరిముందు ఈ లెక్క మొత్తం పరిచెయ్యొచ్చు. బాబాయి తప్పు లేదని అందరికీ తెలుస్తుంది, నీ మనసు తేలికపడుతుంది. కానీ ఓనర్ గారు తను తేల్చింది తప్పని పదిమందిలో వినాల్సొస్తుంది, పైగా నువ్వు బాబాయి మనిషివి కాబట్టి ఇదంతా ఆయన కోసమే అల్లావంటారు. లెక్క నిజమైనా ఆ మాట ముందు నిలబడకపోవచ్చు.

మూడోది, శనివారమే ఓనర్ గారిని ఒంటరిగా కలిసి ఒకే ఒక్క కాయితం చూపించడం. 7 రోజులు, ఏడు వరసలు, ఒక్కో వరసలో డ్రైవర్ వచ్చిన టైము, బిల్లు ప్రింటైన టైము, గేట్ దాటిన టైము, అంతే. ఎవరి పేరూ రాయొద్దు, బాబాయి 6:10కి వచ్చిన రోజు, పంచర్ రోజు కింద విడిగా రాయి, దాచలేదని తెలియాలి. కాయితం ఇచ్చి 'ఈ టైములు చూస్తే మీకేమనిపిస్తుంది సార్' అని అడిగి ఊరుకో. మొత్తం నువ్వే విడమర్చి చెప్తే నీ మాట అవుద్ది, ఆయనే చూసి బిల్లు సంగతి అంటే ఆయన మాట అవుద్ది, సోమవారం ఆయనే చెప్తారు. దీంట్లో ఇబ్బంది ఏందంటే పేరు ఆయనకి పోతుంది, ఫైన్ తప్పని బయటికి ఒప్పుకోకపోవచ్చు కూడా. ఆ రెండూ నువ్వు ఓర్చుకోగలిగితే నాకు ఇదే దారి నయం అనిపిస్తుంది. అప్పుడు ఆయన్ని ఒకటే అడుగు, రెండు వారాలు ఫైన్ ఆపి చూద్దామని, పూర్తిగా తీసెయ్యమని కాదు.

మీటింగ్‌కి మేస్త్రి, బిల్లింగ్ కుర్రాడు, అకౌంటెంట్, ఇద్దరు డ్రైవర్లు ఉండేట్టు చూడు, ఓనర్ గారు ఆఖర్న మాట్లాడితే మంచిది, ఆయన మొదట మాట్లాడితే మేస్త్రి నోరు తెరవడు. ఎవరైనా 'నిర్లక్ష్యం' అంటే కొట్లాడకు, 'ఆ చోట ఇంకో మనిషి ఉంటే ఆరుకి పోయేదా' అని అడుగు, ఆ 6 రోజుల లెక్క నీ దగ్గరే ఉందిగా.

పరిష్కారం దగ్గరికొస్తే ఒకటి కాదు, ప్రతిదానికీ ఒక ఖర్చు ఉంది. ఇండెంట్ టైము కూడా నాలుగుకి తెచ్చెయ్యమని ఎవరో ఒకరు అంటారు. కాయితం మీద చక్కగా ఉంటుంది, కానీ రైతు సాయంత్రం ట్రే చూడకముందే ఎన్ని బస్తాలో చెప్పాలి, అంచనాకి ఎక్కువ చెప్పి డీలర్ కాడ మేత నిలవ పడుతుంది, లేదా తక్కువ చెప్పి మధ్యాహ్నం అర్జెంట్ ఆటో అడుగుతారు. బిల్లు రాకముందే ఇండెంట్ చూసి అల్లూరు బస్తాలు ఎక్కించేసి, బిల్లు వచ్చినాకే గేట్ తెరుద్దాం అనొచ్చు ఇంకొకరు. హోల్డ్ తీస్తారనే నమ్మకం ఉన్న రోజున ఇది పనిచేస్తుంది, తీయని రోజున క్యాబిన్ కాడున్న 160 బస్తాలు దించాలంటే ముందు మిగతా 240 దించాలి, జట్టు రెండు కూలీలు అడుగుతారు, అది న్యాయమే.

లిమిట్ పెంచమంటే అది మీ చేతిలోది కాదు, మేత కంపెనీ చేతిలోది. వాళ్లు బిగించి పెట్టడంలో కూడా అర్థముంది, రొయ్యకి తెల్లమచ్చ జబ్బు వచ్చి పంట పోతే రైతు డీలర్‌కి ఇవ్వలేడు, డీలర్ కంపెనీకి ఇవ్వలేడు. కాబట్టి నాలుగు లోడ్లు ఎత్తుతున్న లెక్క చూపించి మీ ఓనర్ గారి చేత కంపెనీని అడిగించండి, కానీ అది తేలేదాకా దానిమీద ఆధారపడొద్దు.

నన్నడిగితే ముందు చేయాల్సింది చిన్నది, రాత్రి ఎనిమిదింపావుకి రెండోసారి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి రసీదులు ఎక్కించడం. అకౌంటెంట్ గారికి అది ఇంటి టైము, ఊరికే చెయ్యమంటే నాలుగు రోజులు చేసి ఆపేస్తారు, అలవెన్స్ అన్నా ఇవ్వాలి, లేకపోతే పొద్దున ఒక గంట ఆలస్యంగా రావడానికన్నా ఒప్పుకోవాలి. ఒక జాగ్రత్త, డీలర్ వాట్సాప్‌లో పంపే స్క్రీన్‌షాట్ చూసి హోల్డ్ తీసే అలవాటు పెట్టుకోవద్దు. డబ్బు పంపినప్పుడు బ్యాంకు ఇచ్చే యూటీఆర్ నంబర్ ఆయన పంపితే, అది మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనపడితేనే తీయాలి, ఫోటోలు మార్చి పంపేవాళ్లు ఉంటారు, ఒక్కసారి మోసపోతే ఓనర్ గారు ఈ ఏర్పాటంతా ఎత్తేస్తారు. ఎనిమిదింపావుకి కూడా డబ్బు రాకపోతే అప్పుడే డీలర్‌కి ఫోన్ చేసి చెప్పాలి, రేపు మీ సరుకు లారీలో రాదు, డబ్బు పడినాక వేరే బండిలో వస్తుంది, కిరాయి మీది అని. చెప్పి అల్లూరు లేకుండానే లోడ్ చేయాలి. మొదటిసారి ఆయన గొడవ చేస్తాడు, కానీ కోవూరు, విడవలూరు డీలర్లకి లేటు ఉండదు, తెల్లారుజామున నాలుగున్నరకి మేస్త్రి చేతులు కట్టుకుని కూచోడు.

దాంతోపాటు రేపే రిజిస్టర్‌లో రెండు గడులు గీయి, ఆఖరి బిల్లు చేతికొచ్చిన టైము, లోడింగ్ మొదలైన టైము. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఫలితం చూసుకునేది కూడా దీంట్లోనే, లారీ అల్లూరు ఎన్నింటికి చేరిందో దాంట్లో వాన, పంచర్, రోడ్డు పని అన్నీ కలుస్తాయి. లోడింగ్ మొదలైన టైములో అవేమీ కలవవు. నెలకి 7 సార్లు అంటే రెండు వారాలకి మూడు నాలుగు రావాలి. సున్నా గానీ ఒకటి గానీ వస్తే దారి సరైందే అనుకో, ఇంకో నెల చూడు. మళ్లీ మూడు వస్తే నా ఊహల్లో ఒకటి తప్పు, ఏ మెట్టు విరిగిందో ఆ గడులే చూపిస్తాయి, అప్పుడు నాకు రాయి.

బాబాయి సంగతి ఆఖర్న పెట్టా, తేలికైందని కాదు. ఈ కాయితం పట్టుకుని పోయి 'చూడు నీ తప్పు లేదని తేల్చా' అనొద్దు, ఆయనకి తన తప్పు లేదని ముందునుంచీ తెలుసు, నువ్వు తేల్చేదేంది అనిపిస్తుంది. శనివారం లోపలే పో, పిన్ని ఉన్నప్పుడే పో. బోర్డు మీద రాసింది నేనే బాబాయ్, నిన్ను అడక్కుండా రాశా, అది తప్పు, అని చెప్పు. తర్వాత అడగాల్సింది అడుగు, ఆ రోజుల్లో నువ్వొచ్చినాక ఏం జరిగేది, బండి ఎప్పుడు చేతికి ఇచ్చేవాళ్లు అని. అన్నేళ్లుగా ఆ గేట్ కాడ తెల్లారుతున్న మనిషి, నీ రిజిస్టర్‌లో లేనివి ఆయన కాడ చాలా ఉంటాయి, వాటిల్లో ఒకట్రెండు నా లెక్కని తప్పని కూడా చూపించొచ్చు. చెప్పేది రాసుకో. కోపంగా ఉండి ఏం చెప్పకపోతే టీ తాగి వచ్చెయ్, మర్నాడు గేట్ కాడ నాలుగున్నరకే ఉండు, ఆయన వచ్చేసరికి నువ్వు అక్కడ ఉండు, బండి కదిలేదాకా ఉండు.

కట్ చేసిన డబ్బు తిరిగి ఇప్పించడం గురించి సోమవారం ఎత్తకు, రెండు వారాల గడులు నిండినాక ఎత్తు. ఆ 7 రోజుల్లో ఏవి బాబాయివో ఏవి రెండో డ్రైవర్‌వో విడిగా రాసి పెట్టుకో, ఆయనకి కట్ అయినవి కూడా అడగాలి.